ప్లాన్ కొలతల నుంచి ఇంటి అంచనా: మధురవాడలో 30×36 ఇంటికి పరిమాణాలు, రేట్లు, అదనపు కేటాయింపు

ప్రశ్న: మధురవాడలో కొండ వాలు దిగువన మాకు 240 గజాల స్థలం ఉంది. 30×36 అడుగుల ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్ ఒక్కటే, 12 పిల్లర్లు. ప్లాన్, స్ట్రక్చర్ డ్రాయింగు రెండూ చేతిలో ఉన్నాయి. ఒక మేస్త్రి చదరపు అడుగుకి 1,850 అన్నాడు, ఇంకొకాయన 2,100 అన్నాడు. సిమెంటు, ఇనుము, ఇసుక నేనే లెక్క కట్టుకుందామని కూర్చుంటే మూడుసార్లకు మూడు రకాలుగా వచ్చింది. ఎక్కడ తప్పుతున్నాను? పైన ఎంత శాతం కలుపుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

సమాధానం:

మూడుసార్లకు మూడు రకాలుగా వచ్చిందంటే గుణకారంలో తప్పు జరిగి ఉండదు. ఒక భాగం ఎక్కడ ఆగుతుంది, పక్కది ఎక్కడ మొదలవుతుంది అన్న హద్దు ప్రతిసారీ మారిపోయి ఉంటుంది. పిల్లరు శ్లాబ్ పైదాకా కొలిచి, బీమ్ నిండు లోతుకి కొలిచి, ఆ తర్వాత శ్లాబ్ మొత్తం విస్తీర్ణానికి కొలిస్తే ఒకే కాంక్రీటు కొన్నిచోట్ల రెండుసార్లు, మూలల్లో మూడుసార్లు పడుతుంది. అందుకని లెక్కకు ముందే హద్దులు కాగితం మీద రాసుకోండి. నేను మీకు సూచించే పద్ధతి ఇది: పిల్లరు ఫుటింగ్ పైనుంచి శ్లాబ్ అడుగుదాకా. బీమ్ పిల్లరు ముఖం నుంచి పిల్లరు ముఖందాకా, లోతు మాత్రం శ్లాబ్ అడుగు నుంచి కిందికే. శ్లాబ్ అన్నింటి మీదుగా పూర్తి విస్తీర్ణం. గోడ పిల్లర్ల మధ్య, ప్లింత్ బీమ్ పైనుంచి రూఫ్ బీమ్ కిందిదాకా. ఈ నాలుగూ మార్చకపోతే ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటే వస్తుంది.

డ్రాయింగు చూడకుండా కొన్ని కొలతలు అనుకుని చేస్తున్నాను, మీవి వేరైతే అంకెలు మార్చుకోండి. 30 అడుగుల వైపు 3 వరసలు, 36 అడుగుల వైపు 4 వరసలు, మొత్తం 12 పిల్లర్లు. పిల్లరు 9 అంగుళాలు × 12 అంగుళాలు, 12 అంగుళాల వైపు 36 అడుగుల దిశలో. ఫుటింగ్ 5×5 అడుగులు, ఒక అడుగు మందం. గుంత 6×6 అడుగులు, 5 అడుగుల లోతు. ప్లింత్ నేల మీద నుంచి 2 అడుగులు. ప్లింత్ నుంచి శ్లాబ్ పైకి పదిన్నర అడుగులు. శ్లాబ్ 5 అంగుళాలు, రూఫ్ బీమ్ శ్లాబ్‌తో కలిపి 15 అంగుళాలు.

కాంక్రీటు

ఫుటింగులు 12 × 5 × 5 × 1 = 300 ఘనపుటడుగులు. 35.3తో భాగిస్తే 8.5 ఘనపు మీటర్లు. గుంత అడుగున 4 అంగుళాల బెడ్ కాంక్రీటు ఉంటుంది కాబట్టి ఫుటింగ్ పైభాగం నేలకి 3 అడుగుల 8 అంగుళాల కింద ఉంటుంది. అక్కడి నుంచి ప్లింత్ పైకి పిల్లరు 5 అడుగుల 8 అంగుళాలు, ప్లింత్ నుంచి శ్లాబ్ అడుగుకి 10 అడుగుల 1 అంగుళం. 12 పిల్లర్లకీ కలిపి 142 ఘనపుటడుగులు, అంటే 4 ఘనపు మీటర్లు.

బీముల పొడవు దగ్గర కాస్త ఆగండి. అడ్డంగా 4 వరసలు 30 అడుగుల చొప్పున 120, నిలువుగా 3 వరసలు 36 చొప్పున 108, మొత్తం 228 అడుగులని చాలామంది అక్కడే ఆపేస్తారు. పిల్లర్ల వెడల్పులు తీసేస్తే అడ్డం 111, నిలువు 96, కలిపి 207 అడుగులే. ప్లింత్ బీమ్ 9×12 అంగుళాలకి 155 ఘనపుటడుగులు, 4.4 ఘనపు మీటర్లు. రూఫ్ బీమ్ శ్లాబ్ కింద కనిపించే 10 అంగుళాలకే 129 ఘనపుటడుగులు, 3.65 ఘనపు మీటర్లు. ఇక్కడే 15 అంగుళాల నిండు లోతు వేసి ఉంటే 194 వచ్చేది. ఆ తేడా 65 ఘనపుటడుగులు అంటే 1.8 ఘనపు మీటర్ల కాంక్రీటు, దగ్గర దగ్గర 15 బస్తాల సిమెంటు కాగితం మీదే ఖర్చయిపోతుంది.

శ్లాబ్ 30 × 36 × 5 అంగుళాలు = 450 ఘనపుటడుగులు, 12.75 ఘనపు మీటర్లు. లింటెళ్లు, సన్‌షేడ్లు, అటక కలిపి 1.4. మెట్లు 1.6. మొత్తం ఆర్‌సీసీ 36.3 ఘనపు మీటర్లు.

దీనికి ఏ గ్రేడు పెట్టాలన్నది విశాఖలో తేలిగ్గా వదిలేసే ప్రశ్న కాదు. ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంతంలో ఉప్పుగాలి నేరుగా తగలకుండా మరుగున ఉన్న కాంక్రీటుకి కనీసం ఎం25, ఇనుము మీద ఉండే కాంక్రీటు పొర, అంటే కవరు, 30 మిల్లీమీటర్లు. తీర వాతావరణానికి నేరుగా ఎదురుగా ఉంటే కనీసం ఎం30, కవరు 45. బీచ్ రోడ్డు పక్క ఇల్లయితే రెండోది పట్టించుకోవాలి. 45 మిల్లీమీటర్ల కవరు పెడితే 5 అంగుళాల శ్లాబ్‌లో ఇనుము పనిచేసే లోతు తగ్గిపోతుంది, అప్పుడు మందం పెంచాల్సి వస్తుంది, దానితో బరువు, ఇనుము, సెంట్రింగు అన్నీ మారతాయి. ఆ నిర్ణయం స్ట్రక్చరల్ ఇంజనీరుది, అంచనా వేసేవాడిది కాదు. మీది మధురవాడ లోపలివైపు కాబట్టి ఎం25 అనుకుందాం. దీనికి స్థిరమైన పాళ్లలో కలిపే నామినల్ మిశ్రమం చాలదు, ల్యాబ్‌లో పాళ్లు తేల్చే డిజైన్ మిక్స్ కావాలి. అంచనాకి ఘనపు మీటరుకి 8 బస్తాలు వేసుకోండి, ల్యాబ్ డిజైన్‌లో తగ్గితే మీకే మిగులు. ఇసుక 0.42 ఘనపు మీటర్లు, 20 ఎం.ఎం. పిక్క 0.84 ఘనపు మీటర్లు. ఈ రెండూ కలిపితే ఒకటి దాటిందేమిటని కంగారు పడకండి. ఇవి పొడి పరిమాణాలు, పిక్క మధ్య ఖాళీల్లో ఇసుక, ఇసుక మధ్య సిమెంటు ఇమిడిపోతాయి.

అలా ఆర్‌సీసీకి సిమెంటు 290 బస్తాలు, ఇసుక 15.2 ఘనపు మీటర్లు, 20 ఎం.ఎం. పిక్క 30.5 ఘనపు మీటర్లు. ఫుటింగుల కింద, గదుల నేల కింద పడే 1:4:8 బెడ్ కాంక్రీటు మొత్తం 12.6 ఘనపు మీటర్లు, మీటరుకి 3.4 బస్తాల చొప్పున 43 బస్తాలు, ఇసుక 6 ఘనపు మీటర్లు, 40 ఎం.ఎం. పిక్క 12 ఘనపు మీటర్లు.

ఇనుము

ఏ కమ్మీ ఎంత పొడవు, ఎన్ని అని రాసి ఉండే బార్ బెండింగ్ షెడ్యూలు చేతిలో ఉంటే దాన్నే వాడండి. లేకపోతే ఘనపు మీటరుకి ఇన్ని కేజీలని వేసుకోవచ్చు: ఫుటింగులకి 60, పిల్లర్లకి 170, ప్లింత్ బీములకి 110, రూఫ్ బీములకి 130, శ్లాబ్‌కి 75, మెట్లకి 90, లింటెళ్లు, సన్‌షేడ్లకి 60. రూఫ్ బీమ్‌కి మాత్రం ఒక మెలిక ఉంది. కాంక్రీటు మనం 10 అంగుళాలకే కొలిచినా, ఇనుము నిండు 15 అంగుళాల బీమ్‌కి పడుతుంది. కాబట్టి ఇక్కడ 3.65 కాకుండా 5.5 ఘనపు మీటర్లకి ఇనుము కట్టాలి. కాంక్రీటులో రెండుసార్లు లెక్కపెట్టకుండా జాగ్రత్తపడ్డవాళ్లు ఇక్కడ ఇనుము తగ్గించేసుకుంటారు.

శ్లాబ్ ఒక్కటైనా కమ్మీ కమ్మీ లెక్కపెట్టి చూడండి, మిగతా అంకెల మీద నమ్మకం కుదురుతుంది. మీటరు బరువు కేజీల్లో కావాలంటే కమ్మీ మందం మిల్లీమీటర్లలో తీసుకుని:

```
w = d² / 162
```

8 ఎం.ఎం.కి ఇది 0.395 కేజీ. శ్లాబ్ అడుగున 6 అంగుళాల దూరంలో కమ్మీల జాలీ వేస్తే ఒక దిశలో 73 కమ్మీలు 30 అడుగులవి, ఇంకో దిశలో 61 కమ్మీలు 36 అడుగులవి. కలిపి 4,386 అడుగులు, 1,337 మీటర్లు, 528 కేజీలు. బీముల మీద పడే పై కమ్మీలు, వాటికి అడ్డ కమ్మీలు కలిపితే ఇంకో 350 దాకా. మొత్తం 880 కేజీలు. 75 కేజీల లెక్కలో 955 వస్తుంది, కాబట్టి శ్లాబ్‌కి 880 వేసి మిగతావి అలాగే ఉంచితే మొత్తం మూడున్నర టన్నులు. వృథా 3 శాతం కలిపితే 3.6 టన్నులు, బైండింగ్ వైరు టన్నుకి 10 కేజీలు.

ఆ 3 శాతంలో ఉండగలరా లేదా అన్నది కోత మీద ఆధారపడుతుంది. రాడ్డు 12 మీటర్లు వస్తుంది, అంటే 39 అడుగుల 4 అంగుళాలు. 36 అడుగుల కమ్మీ కోస్తే 3 అడుగుల ముక్క మిగిలిపోతుంది. 30 అడుగుల కమ్మీ కోస్తే 9 అడుగులు మిగులుతుంది, అది బీమ్ మీద పై కమ్మీకి చక్కగా సరిపోతుంది. బార్ బెండరుకి ఏ ముక్క ఎక్కడ పెట్టాలో ముందే చీటీ రాసి ఇవ్వకపోతే ఆ 9 అడుగుల ముక్కలు తుక్కు కింద పోతాయి, పై కమ్మీలకి కొత్త రాడ్లు తెగుతాయి.

కొనేటప్పుడు కాటా బరువుని, రాడ్ల లెక్కని పక్కపక్కన చూడండి. 12 ఎం.ఎం. రాడ్డు 12 మీటర్లది సుమారు 10.66 కేజీలు ఉండాలి. ఐఎస్ 1786 బరువులో హెచ్చుతగ్గుల్ని 10 ఎం.ఎం. వరకూ 7 శాతం, ఆపైన 16 వరకూ 5 శాతం, ఆపైన 3 శాతం ఒప్పుకుంటుంది. ఆ హద్దు దాటి తేలిగ్గా ఉంటే సరుకు వెనక్కి పంపాల్సిందే. హద్దులోనే ఉండి కాస్త బరువెక్కువైతే ఇంకో చిక్కు, డబ్బు టన్నుకి కడతారు కానీ పని మీటర్లలో జరుగుతుంది, కాబట్టి టన్ను సరిపోయినా రాడ్లు చాలవు.

గోడలు

గోడని ఘనపుటడుగుల్లో కాకుండా చదరపు అడుగుల్లో లెక్కపెట్టడం తేలిక. 230 × 110 × 75 ఎం.ఎం. ఫ్లైయాష్ ఇటుకకి 10 ఎం.ఎం. జాయింటు కలుపుకుంటే నాలుగున్నర అంగుళాల గోడకి చదరపు అడుగుకి 4.55 ఇటుకలు, 9 అంగుళాల గోడకి 9.1. బట్టీ నుంచి వచ్చే ఇటుకని టేపు పెట్టి కొలవండి, సైజు ఊరూరికీ మారుతుంది. 75 బదులు 70 ఉంటే ఇటుకల సంఖ్య 6 శాతం పెరుగుతుంది.

బయటి గోడ పిల్లర్ల మధ్య నికర పొడవు 119.5 అడుగులు, ఎత్తు 9.25. అది 1,105 చదరపు అడుగులు. రెండు తలుపులు, ఆరు కిటికీలు, రెండు వెంటిలేటర్లకి 160, లింటెళ్లకి 22 తీసేస్తే 923. లోపలి నాలుగున్నర అంగుళాల గోడలు 78 అడుగుల పొడవుకి తలుపులు, లింటెళ్లు పోను 613. ఇంతవరకూ అందరూ కొలుస్తారు.

కొలవనివి రెండున్నాయి. ఒకటి ప్లింత్ బీమ్ కింది గోడ. మీ ప్లింత్ నేలకి 2 అడుగుల ఎత్తు, బీమ్ లోతు ఒక అడుగు. అంటే బీమ్ అడుగుకి, నేలకి మధ్య అడుగు ఖాళీ. అక్కడ గోడ లేకపోతే లోపల పోసిన గ్రావెల్ వానకి బయటికి జారిపోతుంది. వాలు స్థలంలో దిగువ వైపు ఇది ఇంకా ఎత్తు కావాలి. నేల లోపల ఒక అడుగు దింపి కడితే 239 చదరపు అడుగులు, దాదాపు 2,175 ఇటుకలు. రెండోది పిట్టగోడ. చుట్టూ 132 అడుగులు, 3 అడుగుల ఎత్తు, 396 చదరపు అడుగులు, 1,800 ఇటుకలు. ఈ రెండూ కలిపితే ఇటుకల్లో నాలుగో వంతు.

మొత్తం 15,165. విరుగుడు 5 శాతం కలిపితే 16,000. కట్టుబడికి 9 అంగుళాల గోడలో 1:6, నాలుగున్నరలో 1:4 మాలు వేసుకుంటే 49 బస్తాలు, ఇసుక 8.9 ఘనపు మీటర్లు.

ప్లాస్టరింగులో డబ్బు తగాదా ఎక్కువగా తలుపులు, కిటికీల దగ్గరే వస్తుంది. ఐఎస్ 1200 కొలత పద్ధతిలో అర చదరపు మీటరు దాకా ఖాళీలకి ఏమీ తీసేయరు. అర నుంచి 3 చదరపు మీటర్ల దాకా ఒక ముఖానికే తీసేస్తారు, బదులుగా పక్కల గూళ్లకి విడిగా కొలవరు. మీ కిటికీ 4×4.5 అడుగులు, అంటే 1.67 చదరపు మీటర్లు, తలుపులూ ఈ లోపే. మీరు రెండు ముఖాలకీ తీసేసి, మేస్త్రి ఏమీ తీసేయకుండా లెక్క కడితే ఇద్దరి మధ్యా 500 చదరపు అడుగుల తేడా వస్తుంది. అగ్రిమెంటులోనే "ఒక ముఖం తీసివేత" అని రాయించుకోండి. బయట 20 ఎం.ఎం., లోపల 12, సీలింగు 6 అనుకుంటే, ఇటుక గోడ ఎగుడుదిగుడులకి 20 శాతం కలిపి సిమెంటు 60 బస్తాలు, ఇసుక 10 ఘనపు మీటర్లు. టైల్స్ కింద పరుపుకి 20 బస్తాలు, ఇసుక 3.3.

ఇసుక, నింపుడు

మొత్తం ఇసుక 43.4 ఘనపు మీటర్లు. ఇది పొడి ఇసుక. లారీలో వచ్చేది తడిది, తడికి ఇసుక పొంగుతుంది. తెలుసుకోవాలంటే డబ్బాలో 30 సెంటీమీటర్ల ఎత్తుకి ఆ ఇసుక వదులుగా పోసి, అది మునిగేలా నీళ్లు పోసి కలపండి. తేరుకున్నాక ఇసుక 24 దగ్గర నిలిస్తే పొంగు 25 శాతం. అంటే ఆ లారీలో మీరు కొన్న ఐదు పాళ్లలో ఒక పాలు గాలి. అందుకే టన్నుల్లో కొనడం మేలు, అప్పుడు నీటి బరువు మాత్రమే అదనంగా పడుతుంది. ఘనపు మీటరుకి 1.6 టన్నులు, తడికీ వృథాకీ 10 శాతం కలిపితే 76 టన్నులు. శ్రీకాకుళం వైపు వంశధార, నాగావళి ఇసుక ఇక్కడికి చేరేసరికి ధరలో పెద్ద వాటా రవాణాదే, కాబట్టి రీచ్ దగ్గరి రేటుతో అంచనా వేయొద్దు. దగ్గరే ఉంది కదా అని సముద్రపు ఇసుక కలిపితే అందులోని క్లోరైడ్లు ఇనుముని తినేస్తాయి. ప్లాస్టరింగుకి కూడా వద్దు, గోడ ఎప్పటికీ చెమ్మ వదలదు.

గ్రావెల్ సంగతి చాలా అంచనాల్లో ఉండదు. గదుల లోపల సుమారు 900 చదరపు అడుగులకి, బెడ్ కాంక్రీటు, టైల్స్ మందం పోను ఒకటిన్నర అడుగుల నింపుడు, 1,350 ఘనపుటడుగులు. గుంతల తవ్వకం 2,160. అందులో 1,680 దాకా తిరిగి గుంతల్లోకే పోతుంది, 480 మిగులుతుంది. కావలసింది 870, దిమ్మిస కొట్టి నీళ్లు పెడితే కుదించుకుపోతుంది కాబట్టి వదులుగా 1,130 ఘనపుటడుగులు కొనాలి. తవ్విన మట్టి మంచిదైతేనే ఈ 480 పనికొస్తుంది.

రేట్లు

కింది రేట్లు లెక్క చూపించడానికి తీసుకున్నవి. వీటిని తీసేసి మీ వీధికి దించిన, జీఎస్టీ కలిపిన కొటేషన్లు పెట్టుకోండి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకు ముందు వేసిన అంచనాని ఎవరైనా చూపిస్తే ఆ రేటు పట్టుకోవద్దు. పిక్క, గ్రావెల్ ఇక్కడ యూనిట్ లెక్క, యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు.

| సరుకు | పరిమాణం | రేటు (రూ.) | మొత్తం (రూ.) |
|---|---|---|---|
| సిమెంటు (3 శాతం వృథాతో) | 476 బస్తాలు | 340 | 1,61,840 |
| ఇనుము | 3.6 టన్నులు | 60,000 | 2,16,000 |
| బైండింగ్ వైరు | 36 కేజీలు | 80 | 2,880 |
| ఇసుక | 76 టన్నులు | 900 | 68,400 |
| 20 ఎం.ఎం. పిక్క | 10.8 యూనిట్లు | 4,000 | 43,200 |
| 40 ఎం.ఎం. పిక్క | 4.24 యూనిట్లు | 3,500 | 14,840 |
| ఫ్లైయాష్ ఇటుక | 16,000 | 7 | 1,12,000 |
| గ్రావెల్ | 11.3 యూనిట్లు | 1,500 | 16,950 |

మొత్తం 6.36 లక్షలు. సెంట్రింగుతో సహా కూలి చదరపు అడుగుకి 350 అనుకుంటే 3.78 లక్షలు. తలుపులు, కిటికీలు, టైల్స్, కరెంటు, ప్లంబింగు, రంగులకి 7.5 లక్షలు, సెప్టిక్ ట్యాంకు, సంపు, గేటు, కనెక్షన్లకి 2.5 లక్షలు అని ఉంచుతున్నాను. ఈ రెండూ మీ ఎంపికల మీద నడిచేవి, విడిగా కొటేషన్లు తెచ్చుకుని నింపండి. కలిపితే 20.14 లక్షలు, చదరపు అడుగుకి 1,865.

1,850 అన్న మేస్త్రి అబద్ధం చెప్పలేదన్నమాట, కానీ ఆ మాటలో సంపు, సెప్టిక్ ట్యాంకు, పిట్టగోడ, గ్రావెల్ ఉన్నాయో లేదో అడగండి. ఇద్దరి మధ్య 250 రూపాయల తేడా అక్కడే దాక్కునే అవకాశం ఎక్కువ.

సరిచూసుకోవడానికి ఒక మోటు లెక్క: చదరపు అడుగుకి సిమెంటు 0.4 బస్తా, ఇనుము మూడున్నర కేజీలు అంటారు. మనకి 0.44, 3.3 వచ్చాయి. మీ లెక్కలో సిమెంటు 0.6 దాటినా, ఇనుము 5 కేజీలు దాటినా ఎక్కడో రెండుసార్లు పడిందని అర్థం. పైన ఇంకో రెండు అంతస్తులకి సరిపడేలా డిజైన్ చేయించి ఉంటే తప్ప.

పైన ఎంత కలపాలి

ముందు ఒక సంగతి. ఇటుక విరుగుడు, ఇనుము తుక్కు, సిమెంటు వృథా ఇప్పటికే పరిమాణాల్లో కలిపేశాం. వాటికోసం మళ్లీ శాతం వేస్తే రెండోసారి వేసినట్టు. అలాగే మరిచిపోయిన పిట్టగోడ అదనపు కేటాయింపులోకి రాదు, అది అంచనాలో తప్పు, వరస చేర్చి సరిదిద్దాలి. అదనపు కేటాయింపు అన్నది తవ్వేదాకా, కొనేదాకా తెలియని వాటికి.

ప్రభుత్వ అంచనాల్లో 3 నుంచి 5 శాతం మొత్తం మీద వేస్తారు. అక్కడ మట్టి పరీక్ష, డ్రాయింగులు ముందే తేలి ఉంటాయి. మీ ఇంటికి మొత్తం మీద ఒకే శాతం వేయడం నాకు నచ్చదు, ఎందుకంటే అనుమానం అంతా ఒకచోట, డబ్బు ఇంకోచోట ఉంటుంది.

మీకు అనుమానం ఉన్నది నేల కింద. కొండ వాలు దిగువ స్థలాల్లో ఒక మూల గట్టి నేల రెండున్నర అడుగులకే తగిలి, ఇంకో మూల పైనుంచి కొట్టుకొచ్చిన మట్టో, ఎవరో లెవెల్ చేసి పోసిన మట్టో ఉండొచ్చు. పోసిన మట్టి మీద ఫుటింగ్ కూర్చోకూడదు, అసలు నేల దొరికేదాకా దిగాలి. ఆ నేల మెత్తగా ఉంటే ఇంజనీరు ఫుటింగ్ పెద్దది చేస్తారు. 5×5×1 అడుగుల ఫుటింగులు 6×6×1.25 అయితే 300 ఘనపుటడుగులు 540 అవుతాయి. అదనంగా 6.8 ఘనపు మీటర్లు. పై రేట్లతో ఫుటింగ్ కాంక్రీటుకి ఇనుముతో సహా సరుకే మీటరుకి 8,100 పడుతుంది, కాబట్టి 55,000. గుంతలు 7×7, లోతు ఆరున్నర అయితే తవ్వకం 2,160 నుంచి 3,822కి పెరుగుతుంది. బెడ్ కాంక్రీటు, తవ్వకం, పొడవు పెరిగిన పిల్లర్లు కలుపుకుంటే మొత్తం 70,000 చుట్టూ తేలుతుంది. తవ్వకం నుంచి ప్లింత్ దాకా మీ ఖర్చు సుమారు 3.5 లక్షలు. దాని మీద 20 శాతం సరిగ్గా ఇదే. శాతాన్ని ఇలా ఒక జరగగల సంఘటన నుంచి రాబట్టుకుంటే అది ఊరికే వేసిన అంకె కాదు.

రేట్ల భయం దీనికంటే చిన్నది. ఇనుము టన్నుకి 5,000, సిమెంటు బస్తాకి 40 ఒకేసారి పెరిగినా మీకు పడేది 37,000. అందుకే ప్లింత్ పైన ఉన్న 6.64 లక్షల పనికి 5 శాతం, అంటే 33,000, చాలు. ఇంటి లోపలి ముగింపు పనులకి 8 శాతం, 60,000. ఇక్కడ పెరిగేది ధర కాదు, షాపులో టైల్స్ చూశాక మారే మనసు. బయటి పనులకి 10 శాతం, 25,000. మొత్తం 1.88 లక్షలు, 20.14 మీద 9.3 శాతం. చేతిలో ఉండాల్సింది 22 లక్షలు, చదరపు అడుగుకి 2,040 దగ్గర.

ఈ డబ్బు ఒక మూటగా ఉంచకండి. పునాది 70,000 ప్లింత్ బీమ్ పోసిన రోజున తేలిపోతుంది. గట్టి నేల తగిలి ఖర్చు కాకపోతే అది మిగులు అని రాసి పక్కన పెట్టండి, గ్రానైట్ వైపు జారనివ్వొద్దు. ఒకవేళ ఆ మూలల్లో రాయే తగిలితే బ్రేకరు గంటల లెక్కన ఖర్చవుతుంది, అక్కడ లోతు తగ్గించి ఫుటింగ్ రాతి మీదే కూర్చోబెట్టొచ్చా అని ఇంజనీర్ని గుంత దగ్గరికే పిలిచి అడగండి. కొన్ని ఫుటింగులు రాతి మీద, కొన్ని మెత్తటి మట్టి మీద కూర్చుంటే ఇల్లు ఒకవైపే దిగి గోడలు ఐమూలగా చీలతాయి, కాబట్టి ఆ నిర్ణయం మేస్త్రికి వదలొద్దు.

తవ్వకం మొదలుపెట్టే ముందే రెండు ఎదురు మూలల్లో ఒక్కో గుంత ఏడడుగులు తవ్వించి చూడండి. జేసీబీ ఒక పూట పని. ఆ రెండు గుంతల్లో ఒకే రకం గట్టి నేల కనిపిస్తే పునాది మీద 20 శాతాన్ని 10కి దించేయొచ్చు, లేకపోతే డ్రాయింగు మార్చాకే సిమెంటు ఆర్డరు పెట్టండి.